ఓనర్‌కి రిపేరు గురించి ఉత్తరం రాశాను, పంపే ముందు కాస్త చూడండి

రెండో_అంతస్తు
కూకట్‌పల్లి వైపు ఒక పాత అపార్ట్‌మెంట్‌లో మూడేళ్లుగా అద్దెకుంటున్నాం. టూ బీహెచ్‌కే, అద్దె 18,000, అడ్వాన్స్ రెండు నెలలది. ఓనర్ గారు రిటైరయి హనుమకొండలో ఉంటున్నారు. మనిషి మంచివారే, మూడేళ్లలో ఒక్కసారే అద్దె పెంచారు.

జూలై ఆఖరి వారం నుంచి కామన్ బాత్రూమ్ పైకప్పు చెమ్మెక్కింది. ఇప్పుడు పెచ్చులు ఊడి వాషింగ్ మెషీన్ మీద పడుతున్నాయి, చుక్కచుక్కగా నీళ్లు కూడా కారుతున్నాయి. ఆగస్టు 3న ఫోన్ చేస్తే "చూద్దాంలేమ్మా" అన్నారు. 17న ఫొటోలు పంపితే బొటనవేలి గుర్తు పెట్టి ఊరుకున్నారు. సెప్టెంబరు 2న మళ్లీ చేస్తే "వానలు తగ్గనీ, అప్పుడు చేయిద్దాం" అన్నారు. నిన్న గీజర్ స్విచ్ వేయబోతే చేతికి జివ్వుమంది. ఆ కోపంలో రాత్రి ఇది రాశాను:

"సార్, మూడుసార్లు చెప్పాను కదా, మీరు ఇంకా పట్టించుకోలేదు. అద్దె మాత్రం ఒకటో తారీఖుకల్లా కావాలి. కనీసం ఒక్కసారైనా వచ్చి చూడాలనిపించలేదా? ఇంట్లో చిన్నపిల్ల ఉంది. వెంటనే బాగు చేయించకపోతే వచ్చే నెల అద్దె కట్టను. ఆ తర్వాత మీ ఇష్టం."

మావారు పంపొద్దంటున్నారు. ఇల్లు ఖాళీ చేయమంటే ఏం చేస్తావని అమ్మ భయపడుతోంది. పాప స్కూలు నడిచి వెళ్లేంత దగ్గర, ఈ ఇల్లు వదులుకోవడం మాకిష్టం లేదు. అలాగని తడిగోడ పక్కన బతకలేం. దీన్ని ఎలా మార్చాలి?

గుంటూరు_మిర్చి
ఏమీ మార్చక్కర్లేదు, ఉన్నదున్నట్టు పంపండి. రిపేరు చేయించకపోతే అద్దె ఆపుకోవచ్చని చట్టంలోనే ఉంది. ఒక్క నెల ఆపి చూడండి, మర్నాడే బండెక్కి వస్తారు.

మేస్త్రీగారి_అబ్బాయి
ఉత్తరం సంగతి తర్వాత. ముందు ఆ గీజర్ లైన్ ఎంసీబీ కిందికి దించేశారా? దించకపోతే ఈ పోస్టు చదవడం ఆపి వెళ్లి దించండి. తడి గోడలో ఉన్న బోర్డు ముట్టుకుంటే జివ్వుమందంటే కరెంటు ఎక్కడో చెమ్మలోకి లీకవుతోంది. ఎంసీబీ దానికదే పడిపోతుందిలే అనుకోకండి. అది లోడు ఎక్కువైనా, షార్టయినా పడుతుంది గానీ మనిషికి తగిలేంత చిన్న లీకేజీకి పడదు. దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి, పాత అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల అది ఉండదు.

ఇక మీరు చెప్పాల్సినవి రెండు. నీళ్లు రోజంతా కారుతున్నాయా, పైవాళ్లు స్నానాలు చేశాకే కారుతున్నాయా? వానకీ దీనికీ సంబంధం ఉందా?

రెండో_అంతస్తు
దించేశాను. పాపను ఆ బాత్రూమ్‌లోకి వెళ్లనివ్వడం లేదు. కారే వేళలు ఎప్పుడూ గమనించలేదు. రేపటి నుంచి రాసిపెడతాను.

బ్యాచిలర్_302
నాకూ ఇలాగే అయింది. ఓనర్‌తో గొడవెందుకని హార్డ్‌వేర్ షాపులో వాటర్‌ప్రూఫ్ పెయింట్ డబ్బా 1,400కి కొని నేనే పైకప్పుకి రెండు కోట్లు వేసుకున్నాను. శుభ్రంగా తెల్లగా అయింది. మీరూ అదే చేయండి, ఉత్తరాల పని ఉండదు.

మేస్త్రీగారి_అబ్బాయి
302 బ్రదర్, ఎన్నాళ్లు నిలిచింది?

బ్యాచిలర్_302
రెండు నెలలు. తర్వాత బుడగలు లేచి మొత్తం పొరలా ఊడొచ్చింది. అప్పటికి నేనే ఇల్లు మారిపోయాను.

మేస్త్రీగారి_అబ్బాయి
అదీ సంగతి. నీళ్లు పైనుంచి స్లాబులోకి దిగుతుంటే కింద రంగేస్తే ఆగవు. కుండకి చిల్లి లోపల ఉంటే బయట గంధం పూసినట్టు. పైగా ఆ రంగు చెమ్మని బయటికి ఆరనివ్వదు, నీళ్లు పక్కకి పాకి ఇంకోచోట తేలతాయి. పైన ఆపాల్సిందే.

పద్మజ_టీచర్
మీ ఉత్తరంలో కోపం ఎక్కడుందో చెప్తాను, ఎందుకంటే అది మీరనుకుంటున్న చోట లేదు. "అద్దె కట్టను" అన్న మాటకంటే ముందే మూడు చిన్న మాటలు పొడుస్తున్నాయి. "చెప్పాను కదా", "ఇంకా", "కనీసం". ఈ మూడూ తీసి మళ్లీ చదవండి. "మూడుసార్లు చెప్పాను" అంటే సమాచారం. "మూడుసార్లు చెప్పాను కదా" అంటే చెవిటివాణ్ణి నిలదీసినట్టు. పెద్దాయన ఆ "కదా" దగ్గరే ఆగిపోయి మిగతాది చదవరు.

రెండోది, మీ వాక్యాలన్నింటికీ కర్త ఆయనే. మీరు పట్టించుకోలేదు, మీకు అనిపించలేదు, మీ ఇష్టం. ఆయన బదులు గోడని కర్తగా చేయండి. పెచ్చులు ఊడుతున్నాయి, చెమ్మ బోర్డు దాకా వచ్చింది, నీళ్లు ఆగడం లేదు. విషయం ఏమీ తగ్గలేదు, ఆయన్ని మాత్రం బోనులో నిలబెట్టలేదు.

ఓనర్‌నే_నేను
విజయవాడలో నాకు రెండు ఫ్లాట్లున్నాయి, అద్దెకిచ్చాను. అవతలి వైపు నుంచి ఒక మాట.

మీ ఇంటి బాత్రూమ్ పైకప్పు అంటే పైవాళ్ల బాత్రూమ్ నేల. ఆ ఫ్లాట్ మీ ఓనర్‌ది కాదు కదా? అలాంటప్పుడు ఆయన రేపు పొద్దున్నే వచ్చినా మీ ఇంట్లో చేయగలిగింది పెచ్చులు కొట్టించి మళ్లీ ప్లాస్టరింగ్ చేయించడం వరకే. అసలు పని పై ఫ్లాట్‌లో జరగాలి. దానికి ఆయన ఆ ఫ్లాట్ ఓనర్‌ని అడగాలి, ఆయన వినకపోతే అసోసియేషన్ ప్రెసిడెంట్‌కి చెప్పుకోవాలి. "వానలు తగ్గనీ" అన్నారంటే ఆ తలనొప్పి తలుచుకునే అని ఉంటారు.

కాబట్టి మీ ఉత్తరం ఆయన ఒక్కరు చదివేది కాదు. ఆయన దాన్ని ఉన్నదున్నట్టు పైఫ్లాట్ ఓనర్‌కీ, అసోసియేషన్ గ్రూపులోకీ ఫార్వర్డ్ చేయగలిగేలా ఉండాలి. ఇప్పుడు రాసింది ఆయన ఎవరికీ చూపించలేరు, అందులో ఆయనకే తిట్లున్నాయి. అదే వేళలు, తారీఖులు, ఫొటోలతో మర్యాదగా ఉందనుకోండి, ఆయన చేతికి ఒక ఆయుధం ఇచ్చినట్టే. "చూడండి, మా ఇంట్లో ఉన్నవాళ్లు ఇలా రాశారు" అని ముందుకు తోస్తారు. మా కింది ఫ్లాట్ తగువు నాకు అలాంటి ఉత్తరంతోనే తెమిలింది.

గుంటూరు_మిర్చి
అంటే పాపం ఓనర్లే బాధితులన్నమాట. నలభై రోజులుగా నీళ్లు కారుతున్న ఇంటికి ఆయన ఒక్కసారి కూడా రాలేదండీ. మర్యాదగా అడిగితే "చూద్దాంలేమ్మా" అన్నారు. ఇంకెంత మర్యాద కావాలి?

ఓనర్‌నే_నేను
రాకపోవడం తప్పే. నేను వెనకేసుకు రావడం లేదు. పని ఎలా జరుగుతుందో చెప్తున్నాను.

కోర్టుమెట్లు
మిర్చి గారు చట్టం అన్నారు గనుక. సగం నిజమే, మిగతా సగం వదిలేస్తే ప్రమాదం.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ఉంది. యజమాని చేయించాల్సిన బాధ్యత ఉన్న రిపేరుని, నోటీసు ఇచ్చాక సబబైన గడువులోగా చేయించకపోతే, అద్దెకున్నవాళ్లు తామే చేయించుకుని ఆ ఖర్చుని వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చని అందులో ఉంది. మినహాయించుకోవచ్చు అంది గానీ అద్దె మొత్తం ఆపేయమని అనలేదు. ముందు నోటీసు ఉండాలి, గడువు ఇవ్వాలి, ఖర్చు నిజంగా పెట్టి బిల్లు చూపించాలి. ఆ రిపేరు ఓనర్ బాధ్యతే అయి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ సెక్షన్ మొదలే "ఒప్పందంలో వేరేగా లేకపోతే" అన్న అర్థంతో మొదలవుతుంది. మీ అగ్రిమెంటులో "అన్ని రిపేర్లూ అద్దెకున్నవారివే" అని ఒక లైను ఉంటే కథ మారిపోతుంది.

ఇవేమీ లేకుండా నెల అద్దె ఆపితే, మీ ఫిర్యాదు పక్కకి పోయి "అద్దె ఎగ్గొట్టారు" అన్నదే కేసవుతుంది. ఆయన చేతికి మీరే సాకు ఇచ్చినట్టు. ముందు అగ్రిమెంటు తీసి చూడండి.

రెండో_అంతస్తు
చూశాను. "ట్యాపులు, బల్బులు, ఫ్యూజుల వంటి చిన్న మరమ్మతులు అద్దెదారుని బాధ్యత" అని ఉంది. పెద్దవాటి గురించి ఒక్క ముక్క లేదు. పైగా పదకొండు నెలల అగ్రిమెంటు, గత ఏడాదిదే. మళ్లీ రాసుకోలేదు.

కోర్టుమెట్లు
చిన్నవి మీవని విడిగా చెప్పారంటే పెద్దవి మీవి కావని వాదించడానికి చోటుంది. 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం కూడా ఇంచుమించు అలాగే పంచింది. ట్యాపులూ వాషర్లూ అద్దెకున్నవాళ్లవి, కట్టడానికి సంబంధించిన రిపేర్లు, పైపుల మార్పిడి, వైరింగు ఓనర్‌వి. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది, కాబట్టి ఉత్తరంలో సెక్షన్లలా రాయకండి. ఏది ఎవరిదో మీకు స్పష్టత ఉంటే చాలు. అగ్రిమెంటు గడువు తీరిన సంగతి ఈ ఉత్తరంలో ఎత్తకండి. ఒక్క ఉత్తరానికి ఒక్క విషయం.

డాలస్_రవి
మా టెక్సస్‌లో దీనికి రూలుంది. రాతపూర్వకంగా నోటీసిస్తే, మామూలుగా ఏడు రోజులు సబబైన గడువు కింద లెక్క. కానీ నోటీసిచ్చే నాటికి అద్దె బాకీ ఉండకూడదు. ఇక్కడా అద్దె ఆపినవాడి మాట చెల్లదు. నేను వచ్చిన కొత్తలో ఏసీ పనిచేయక కోపంతో అద్దె ఆపబోతే, పక్కింటి తెలుగాయన పట్టుకుని ఆపారు. ఇప్పటికీ ఆయనకి రుణపడి ఉన్నాను.

గుంటూరు_మిర్చి
సరే, ఆపొద్దు. ఒప్పుకున్నా. కానీ ఆపుతానని బెదిరించడంలో తప్పేముంది?

పద్మజ_టీచర్
చేయనిది చేస్తానని రాస్తే, రేపు నిజంగా చేయబోయేది రాసినా నమ్మరు. బళ్లో పిల్లలే పసిగడతారు, రిటైరైన మనిషికి తెలియదా?

రెండో_అంతస్తు
నాలుగు రోజులు గమనించి రాసిపెట్టాను. పైన 304లో పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య స్నానాలు. పది పదిహేను నిమిషాలకి మాకు చుక్కలు మొదలై, రెండు గంటల్లో ఆగిపోతున్నాయి. రాత్రిళ్లు లేవు. 12, 13 తారీఖుల్లో వాళ్లు ఊరెళ్లారు. 12న సాయంత్రం గట్టి వాన పడింది, అయినా మాకు చుక్క పడలేదు.

అందరూ చెప్పినవి గుర్తుపెట్టుకుని మళ్లీ రాశాను:

"సార్, మీరు బిజీగా ఉంటారని తెలుసు, ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి. బాత్రూమ్‌లో కొంచెం చెమ్మ సమస్య ఉంది. మీకు వీలైనప్పుడు ఒకసారి చూడగలిగితే చాలా సంతోషిస్తాం. తొందరేమీ లేదు."

మేస్త్రీగారి_అబ్బాయి
మీరు రాసిపెట్టిన నాలుగు రోజుల చీటీ వెయ్యి రూపాయల విజిట్ ఫీజుతో సమానం. నీళ్ల పైపు పగిలితే రాత్రీ పగలూ కారుతూనే ఉంటుంది, ఎందుకంటే ట్యాంకు నుంచి వచ్చే పైపులో ఎప్పుడూ నీళ్లుంటాయి. వాడినప్పుడే కారుతోందంటే అది వాడేసిన నీళ్లు పోయే దారిలో ఉంది. వానొచ్చినా రాలేదంటే బయటి గోడ కాదు. ఇక మిగిలినవి రెండే, బాత్రూమ్ నేలలో టైల్స్ సందులయినా అయుండాలి, నేల మీది జాలీ కింద నీళ్లు పోయే నాని ట్రాప్ జాయింటయినా అయుండాలి.

ఆ రెండిట్లో ఏదో తేల్చడానికి తేలికైన పరీక్ష ఉంది. పైవాళ్లు నాని ట్రాప్‌ని గుడ్డతోనో రబ్బరు మూతతోనో బిగించి, నేల మీద అంగుళం మేర నీళ్లు నింపి ఒక రోజంతా వదిలేయాలి. గడప ఎత్తు సరిపోతుందో లేదో చూసుకుని నింపమనండి, లేకపోతే వాళ్ల హాల్లోకి వస్తాయి. ఆ రోజంతా మీకు చుక్కలు పడితే నేల లీకు. పడకుండా, మూత తీయగానే పడితే ట్రాప్ జాయింటు. జాయింటైతే ఒక పూట పని. నేలైతే టైల్స్ తీసి వాటర్‌ప్రూఫింగ్ చేయాలి, వారం పడుతుంది, ఖర్చు కూడా చాలా ఎక్కువ.

కానీ ఉత్తరంలో "వాటర్‌ప్రూఫింగ్ పోయింది" అని మీరు తేల్చేయకండి. అది తప్పయితే పైఫ్లాట్ ఆయన ఆ ఒక్క తప్పు పట్టుకుని మొత్తం కొట్టిపారేస్తారు. మీరు కళ్లారా చూసింది మాత్రమే రాయండి.

పద్మజ_టీచర్
ఈసారి అటువైపు మరీ ఒరిగిపోయారు. మొదటి ఉత్తరం చదివితే కోపమొస్తుంది, ఇది చదివితే నిద్రొస్తుంది. షాకు కొట్టిన ఇంటి గురించి "కొంచెం", "తొందరేమీ లేదు" అని రాస్తే ఆయన నమ్ముతారు, తొందర లేదనే నమ్ముతారు. రేపు మాట తేడా వస్తే "తొందర లేదని మీరే రాశారు" అని చూపిస్తారు.

"మీకు వీలైనప్పుడు" అన్నది మన భాషలో చాలా అందమైన మాట, కానీ దానికి తారీఖు ఉండదు. దాని బదులు "శనివారం గానీ ఆదివారం గానీ, మీకు ఏది వీలైతే అది" అని రాయండి. వీలు ఆయనకే వదిలారు, వారం మాత్రం మీరు పెట్టారు. "చూడగలిగితే సంతోషిస్తాం" బదులు "చూపించగలరని కోరుతున్నాను". మీ తప్పు లేనిచోట క్షమాపణ వద్దు. మర్యాద కావాలంటే పిలుపులో ఉంచండి, ముగింపులో ఉంచండి. అడిగే వాక్యంలో నీళ్లు కలపకండి.

మీరు ఆయన్ని ఏమని పిలుస్తారు?

రెండో_అంతస్తు
ఫోన్‌లో అంకుల్ అనే అంటాను. ఆయన నన్ను అమ్మా అంటారు. మెసేజ్‌లో సార్ అని రాస్తున్నాను.

పద్మజ_టీచర్
ఉత్తరంలో పేరు పక్కన "గారికి" పెట్టండి. మూడేళ్లు అంకుల్ అన్న మనిషి ఒక్కసారిగా "సార్" అని మొదలుపెడితే అక్కడే తెగిపోయినట్టుంటుంది. అలాగని ఫార్వర్డ్ చేసే ఉత్తరంలో అంకుల్ బాగుండదు. ఉత్తరం పంపి ఫోన్ చేస్తారు చూడండి, అప్పుడు అంకుల్ అనండి.

నీళ్లట్యాంకు
మా ఓనర్ కింద పోర్షన్‌లోనే ఉంటారు. ఉత్తరం రాస్తే "పైనుంచి కిందికి ఉత్తరమేంటమ్మా" అని నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు మోటారు బాగు చేయించారు.

ఓనర్‌నే_నేను
ఇంకో మాట. ఆయన హనుమకొండ నుంచి రావాలంటే ఒక రోజు పోతుంది. రాలేకపోతే పని ఎలా సాగుతుందో కూడా మీరే దారి చూపించండి. ప్లంబర్‌ని మేం పిలిపిస్తాం, ముందు ఖర్చు చెప్తాం, మీరు సరేనంటేనే పని మొదలు, అని రాస్తే కాదనడానికి ఏమీ మిగలదు. చాలామంది ఓనర్లు వాయిదా వేసేది డబ్బు గురించి కాదు, ప్రయాణం గురించి.

రెండో_అంతస్తు
రాత్రి కూర్చుని మూడోసారి రాశాను. ఫ్లాట్ నంబర్లు మార్చి ఇక్కడ పెడుతున్నాను.

"గౌరవనీయులైన ... గారికి నమస్కారం. మీరూ, ఆంటీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫ్లాట్ 204లో కామన్ బాత్రూమ్ పైకప్పు నుంచి జూలై ఆఖరి వారం మొదలు నీళ్లు కారుతున్నాయి. ఆగస్టు 3న ఫోన్‌లో, 17న ఫొటోలతో, సెప్టెంబరు 2న మళ్లీ ఫోన్‌లో మీకు తెలియజేశాను. ఇప్పటికి పైకప్పు ప్లాస్టరింగ్ సుమారు రెండడుగుల మేర ఊడింది. చెమ్మ గీజర్ స్విచ్ బోర్డు వరకు వచ్చింది. సెప్టెంబరు 9న ఆ స్విచ్ దగ్గర షాక్ తగిలినందువల్ల ఆ లైన్ పూర్తిగా ఆపి ఉంచాం.

304లో స్నానాలు అయిన పది పదిహేను నిమిషాలకు చుక్కలు మొదలై రెండు గంటల్లో ఆగుతున్నాయి. వాళ్లు ఊరెళ్లిన 12, 13 తేదీల్లో, వాన పడినా, నీళ్లు కారలేదు. ఏ రోజు ఎప్పుడు కారిందీ రాసిన కాగితం, ఫొటోలు జతచేశాను.

మీ వల్ల రెండు పనులు కావాలి. స్విచ్ బోర్డుని ఎలక్ట్రీషియన్‌తో ఈ నెల 18 లోగా చూపించగలరని కోరుతున్నాను, ఇది ప్రమాదం కనుక ఆగే పని కాదు. అలాగే 304 ఓనర్ గారితో మాట్లాడి, 20 శనివారం గానీ 21 ఆదివారం గానీ, మీకు ఏది వీలైతే ఆ రోజు, వారి బాత్రూమ్‌ని ప్లంబర్‌తో పరీక్ష చేయించగలరు. రెండు రోజులూ మేం ఇంట్లోనే ఉంటాం.

మీరు రావడం ఇబ్బందైతే ఒక్క మాట చెప్పండి. మేమే మనుషుల్ని పిలిపించి, ఖర్చు ముందుగా మీకు తెలిపి, మీరు సరేనన్నాకే పని మొదలుపెట్టిస్తాం. 18 లోగా మీ నుంచి కబురు రాకపోతే స్విచ్ బోర్డు పని మాత్రం చేయించి బిల్లు పంపుతాం, దాన్ని అక్టోబరు అద్దెలో సర్దుబాటు చేసుకుంటాం. మిగిలిన అద్దె ఎప్పటిలాగే ఒకటో తేదీకి అందుతుంది.

ఈ మూడేళ్లూ మీరు మమ్మల్ని ఇంటి మనుషుల్లా చూశారు. ఈ ఇంట్లోనే ఉండాలని మా కోరిక. ఇట్లు..."

పద్మజ_టీచర్
ఒక్క అక్షరం కూడా ముట్టుకోను.

కోర్టుమెట్లు
నేను ముట్టుకుంటాను. "అక్టోబరు అద్దెలో సర్దుబాటు చేసుకుంటాం" అన్న చోట "చేసుకోవడానికి మీ అంగీకారం కోరుతున్నాం" అని మార్చండి. మొదటి రాతలోనే మీరు తేల్చేసినట్టు ఉండకూడదు. పని ఎలక్ట్రీషియన్ బిల్లు వరకే కాబట్టి పెద్ద మొత్తం కాదు, అంగీకారం అడిగినా నష్టం లేదు.

గుంటూరు_మిర్చి
నేను ఒప్పుకోను. ఉత్తరం మొత్తంలో బలమున్న వాక్యం అదొక్కటే. "అంగీకారం కోరుతున్నాం" అంటే ఆయన "ఒప్పుకోను" అంటారు, అప్పుడేం చేస్తారు? ప్రాణానికి ముప్పున్న పనికి కూడా ఒప్పుకోలా?

కోర్టుమెట్లు
పని చేయించడానికి ఒప్పుకోలు అడగమనడం లేదు. షాకు కొట్టే బోర్డు ఈ రోజే చేయించినా తప్పు లేదు. డబ్బు అద్దెలోంచి కోయడానికి అడగమంటున్నాను. రెండూ వేరు.

ఓనర్‌నే_నేను
ఓనర్‌గా చెప్పమంటే, నాకు మిర్చి గారి వాక్యమే వచ్చినా ఏమనుకోను. ముందే బిల్లు పంపుతామన్నారు, మిగతా అద్దె వస్తుందన్నారు. కానీ అందరు ఓనర్లూ ఒకలా ఉండరు.

రెండో_అంతస్తు
మావారూ నేనూ దీని మీదే అరగంట వాదించుకున్నాం. చివరికి అంగీకారం కోరుతున్నాం అనే పెట్టాను. ఆయన వయసుకి అదే బాగుంటుందనిపించింది.

మేస్త్రీగారి_అబ్బాయి
పంపేటప్పుడు ఫొటోల్ని మామూలు ఫొటోల్లా కాకుండా వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి, తీసిన తారీఖు వివరం కూడా పోతుంది. ఊడిన చోట ఒక స్కేలు ఆనించి ఫొటో తీస్తే ఎంత మేర ఊడిందో ఎవరికైనా తెలుస్తుంది.

కోర్టుమెట్లు
వాట్సాప్‌తో పాటు ఈమెయిల్ కూడా పంపండి. కాపీ ఒకటి దగ్గరుంచుకోండి.

రెండో_అంతస్తు
15న పంపాను. గంట తర్వాత ఫోన్ చేసి "అంకుల్, ఒక ఉత్తరం పంపాను, చదివారా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "షాకు కొట్టిందని ముందే ఎందుకు చెప్పలేదమ్మా" అన్నారు. నిజమే, ఆ సంగతి చెప్పకుండా ఆరు రోజులు ఆగాను. 9నే రెండు లైన్లు పంపి ఉండాల్సింది.

16న ఎలక్ట్రీషియన్‌ని ఆయనే పంపించారు. బోర్డు వెనక పెట్టెలో నీళ్లు నిలిచి ఉన్నాయి, ఎర్త్ వైరు తుప్పు పట్టి తెగిపోయి ఉంది. బోర్డుని తడి లేని గోడకి మార్చారు, ఆర్‌సీసీబీ కూడా పెట్టించారు. డబ్బులు ఆయనే ఇచ్చారు.

గుంటూరు_మిర్చి
సంతోషం అక్కా. ఎర్త్ వైరు మాట వింటేనే గుండె జారింది.

బ్యాచిలర్_302
మరి పైవాళ్లు?

రెండో_అంతస్తు
ఓనర్ గారు ఉత్తరం మొత్తం 304 ఓనర్‌కి ఫార్వర్డ్ చేశారట. ముందు ఆయన "మీ ఇంట్లోవాళ్ల పైపేదో లీకై ఉంటుంది" అన్నారట. చుక్కల వేళలు రాసిన కాగితం చూశాక మళ్లీ ఆ మాట అనలేదు. 20న నీళ్లు నింపి పరీక్ష చేశారు. ఆదివారం పొద్దున దాకా మాకు ఒక్క చుక్క పడలేదు. మూత తీసిన పావుగంటకి మొదలైంది.

మేస్త్రీగారి_అబ్బాయి
ట్రాప్ జాయింటు! అదృష్టవంతులు. ట్రాప్ చుట్టూ రెండు టైల్స్ తీసి జాయింటు మార్చి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ కెమికల్ కలిపిన సిమెంటుతో నింపమనండి. తెల్ల సిమెంటు పైపైన పూసి వెళ్లిపోతానంటే ఒప్పుకోకండి. మీ పైకప్పుకి మాత్రం ఇప్పుడే ప్లాస్టరింగ్ చేయించొద్దు. స్లాబు ఆరడానికి కనీసం మూడు నాలుగు వారాలు వదలండి. చేత్తో ముట్టుకుంటే పొడిగా ఉన్నా లోపల తడి ఉంటుంది. ఇప్పుడే పూస్తే దీపావళికల్లా మళ్లీ పెచ్చులే.

రెండో_అంతస్తు
జాయింటు మార్చారు. వారమైంది, చుక్క లేదు. ప్లాస్టరింగ్ ఖర్చు 304 ఓనర్ ఇవ్వాలని మా ఓనర్, ఎవరి ఇంట్లోది వాళ్లదేనని ఆయన. ఇద్దరూ అసోసియేషన్ గ్రూపులో మాట్లాడుకుంటున్నారు.

ఓనర్‌నే_నేను
ఆ తగువు మీది కాదు, అందులో దిగకండి. ఆరే నాలుగు వారాలు ఎలాగూ ఉన్నాయి.

నీళ్లట్యాంకు
మీ మూడో ఉత్తరం కాపీ చేసుకున్నాను. మా అక్కావాళ్ల ఇంటి వంటగది గోడ కూడా ఇలాగే ఉంది, తనతో ముందు చుక్కల వేళలు రాయిస్తున్నాను.